“బాగా లావైపోయాను కదా?” – పురిటి తర్వాత భార్య అడిగితే భర్త నిజం చెబుతూనే ధైర్యం ఎలా చెప్పాలి

ఉత్తరాంధ్రలో తొలి కాన్పుకి అమ్మాయి పుట్టింటికి వెళ్తుంది. పురుడయ్యాక మూడో నెలలోనో అయిదో నెలలోనో మంచిరోజు చూసి బిడ్డనెత్తుకుని అత్తింటికి వస్తుంది. ఈలోగా భర్త విశాఖలో ఉద్యోగం చేసుకుంటూ, శనివారం సాయంత్రం బస్సెక్కి శ్రీకాకుళమో బొబ్బిలో వెళ్ళి ఆదివారం రాత్రికి తిరిగొస్తుంటాడు. మొగుడూ పెళ్ళాలిద్దరూ మళ్ళీ ఒకే గదిలో, ఒకే బీరువా ముందు, ఒకే అద్దం ముందు నిలబడేది ఆ మూడో నెలలోనో అయిదో నెలలోనో. సరిగ్గా ఆ రోజుల్లోనే ఆమెకి జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడుతుంటుంది. పొట్ట ఇంకా తగ్గి ఉండదు. పాత జాకెట్లు పట్టవు. “అక్కడున్నప్పుడు బాగానే ఉన్నాను, ఇక్కడికొచ్చాకే ఇలా అయిపోయాను” అని ఆమెకి అనిపిస్తే ఆశ్చర్యం లేదు. శరీరంలో మార్పులు, ఆచారం ప్రకారం తిరిగిరావడం ఒకే వేళకి కలిసిపడ్డాయి.

ఈ మార్గదర్శి ఆ వేళలో భర్త ఏం తెలుసుకోవాలి, ఏం అనాలి, ఏం అనకూడదు అన్నదాని గురించే. ముఖ్యంగా సిజేరియన్ అయిన బాలింత గురించి. ఒక కుటుంబాన్ని ఊహించుకుని మొదటినుంచి చివరిదాకా దాని వెంటే వెళ్దాం. ఇల్లు గాజువాకలో. సిజేరియన్ అయి అయిదో నెల నడుస్తోంది. పెళ్ళినాటికి ఆమె బరువు 54 కిలోలు, నెలలు నిండేసరికి 68, ఇప్పుడు 62. భర్త పిన్నిగారి కూతురి పెళ్ళి పది రోజుల్లో ఉంది, భీమిలి రోడ్డులో కల్యాణమండపం.

ముందు ఆమె ఒంట్లో ఏం జరిగిందో తెలుసుకోండి

ఇది తెలియకుండా చెప్పే ధైర్యం ఊరికే అన్నమాటలా ఉంటుంది. “నెల రోజుల్లో తగ్గిపోతుందిలే” అని మీరు అనేస్తారు, నెల గడుస్తుంది, తగ్గదు. ఆ తర్వాత మీ మాటకు విలువుండదు. అందుకే ఏది తగ్గుతుందో, ఏది నెమ్మదిగా తగ్గుతుందో, ఏది పూర్తిగా పోదో ముందే తెలిసి ఉండాలి.

కాన్పు రోజున బిడ్డ, మాయ, ఉమ్మనీరు, రక్తం కలిపి అయిదారు కిలోల దాకా తగ్గుతుంది. అప్పటికీ పొట్ట అయిదారు నెలల కడుపులాగే కనిపిస్తుంది. గర్భసంచి కాన్పు అయిన వెంటనే దాదాపు కిలో బరువుంటుంది. అది ముడుచుకుని 60, 70 గ్రాములకు రావడానికి ఆరు వారాలు పడుతుంది. ఇక్కడిదాకా శరీరం తన పని తాను చేసుకుపోతుంది. ఆరు వారాల తర్వాత కూడా మిగిలిన పొట్టకి మాత్రం కారణాలు వేరు: సాగిన చర్మం, గర్భంలో చేరిన కొవ్వు, పొట్ట మధ్యలో విడిపోయిన కండరాలు.

ఈ కండరాల సంగతి చాలామందికి తెలియదు. పొట్టమీద నిలువుగా రెండు కండరాల పట్టీలుంటాయి. బిడ్డ పెరిగే కొద్దీ అవి మధ్యలో దూరం జరుగుతాయి. కాన్పయ్యాక మళ్ళీ దగ్గరికొస్తాయి కానీ అందరికీ పూర్తిగా రావు. పరీక్షించడం తేలికే. వెల్లకిలా పడుకుని, మోకాళ్ళు మడిచి, తల కొంచెం పైకెత్తి, బొడ్డుకు పైనా కిందా వేళ్ళతో నిలువుగా నొక్కి చూడాలి. మధ్యలో పల్లంలా తగిలి, అందులో రెండు వేళ్ళకు మించి పడితే ఆ కండరాలింకా దూరంగా ఉన్నాయని లెక్క. తల ఎత్తినప్పుడు పొట్ట మధ్యలో గట్టులా పైకి లేచినా అంతే. ఈ పరీక్ష ఆమె తనకు తానుగా చేసుకోవాలనుకుంటేనే. మీరు వేళ్ళు పెట్టి కొలవబోతే ఆమెకి తనిఖీలా ఉంటుంది. ఖాళీ ఉందని తేలితే ఫిజియోథెరపిస్టు నేర్పే శ్వాస వ్యాయామాలు, లోపలి పొట్ట కండరాలను బిగించే వ్యాయామాలు చేయాలి. పడుకుని లేచే వ్యాయామాలు ఈ దశలో పొట్టను ఇంకా ముందుకి తోస్తాయి. “బీచ్‌రోడ్డులో రోజూ నడుస్తున్నా పొట్ట తగ్గడం లేదేంటి” అని బాధపడే చాలామందికి ఇదీ ఒక కారణం. నడక మంచిదే, కానీ విడిన కండరాలను నడక ఒక్కటే దగ్గరికి తీసుకురాదు. నడుముకి గుడ్డ కట్టడమూ అంతే. కుట్ల దగ్గర ఊతంగా ఉండి దగ్గినా లేచినా నొప్పి తగ్గుతుంది, కొవ్వు మాత్రం కరగదు. మరీ బిగిస్తే కింది కండరాలమీద ఒత్తిడి పడుతుంది.

జుట్టు సంగతి దీనికంటే తేలిక. గర్భంతో ఉండగా హార్మోన్ల వల్ల రాలాల్సిన జుట్టు కూడా రాలకుండా నిలిచిపోతుంది. కాన్పయిన మూడో నెల నుంచి అదంతా కలిసి ఒకేసారి రాలుతుంది. నాలుగో నెల ప్రాంతంలో ఎక్కువగా ఉండి, ఏడాది తిరిగేసరికి చాలామందికి మళ్ళీ మామూలవుతుంది. తలంటుకున్న రోజు చేతినిండా జుట్టు చూసి ఏడ్చే భార్యతో “ఇది తిరిగి వస్తుంది” అని నమ్మకంగా చెప్పొచ్చు. పొట్టమీది నల్లగీత కూడా నెలల్లో వెలిసిపోతుంది. ముఖంమీది మంగు నెమ్మదిగా తగ్గుతుంది, ఎండ తగిలితే మళ్ళీ ముదురుతుంది.

పొట్టమీద, తొడలమీద పడిన చారలు మాత్రం పూర్తిగా పోవు. ఎర్రగానో ఊదాగానో ఉన్నవి ఏడాదిలో తెల్లబడి మెరుపుగీతల్లా మిగులుతాయి. వాటిని మాయం చేసే నూనెగానీ క్రీముగానీ లేదు. కుట్టు మచ్చ మెత్తబడి రంగు తగ్గడానికి ఏడాది, ఏడాదిన్నర పడుతుంది. దాని చుట్టూ చర్మం మొద్దుబారి ఉండటం, పైన చర్మం మడతలా వాలడం మామూలే. ఈ చివరి విషయాల దగ్గరే భర్తలు ఎక్కువగా అబద్ధం చెబుతారు. చెప్పకండి.

ప్రశ్న వెనక ఇంకో ప్రశ్న ఉంటుంది

మన గాజువాక ఇంటికి వద్దాం. ఆదివారం మధ్యాహ్నం ఆమె పెళ్ళికి కట్టుకుందామని పట్టుచీర తీసింది. జాకెట్టు తొడుక్కుంటే హుక్సు రెండు వేళ్ళ దూరంలో ఆగిపోయాయి. చీర మడిచి బీరువాలో పెట్టేసి బయటికొచ్చి, “ఏమండీ, పెళ్ళికి మీరూ అత్తయ్యా వెళ్ళి రండి. బాబుతో నాకు కుదరదు” అంది. శరీరం మాటే ఎత్తలేదు. ఇలాంటివి దాదాపు ఎప్పుడూ పక్కదారిలోనే వస్తాయి: బాబుకి పడదు, ఉక్కగా ఉంది, నిద్ర లేదు. అవి అబద్ధాలు కావు, కానీ అసలు సంగతి అవి కాదు. రాత్రి లైటు తీశాక వచ్చింది అసలు మాట: “బాగా లావైపోయాను కదా?”

ఆ మాటలో రెండు ప్రశ్నలున్నాయి. ఒకటి కంటికి కనిపించేది: ఒళ్ళు చేసిందా లేదా. రెండోది మీరు మాత్రమే చెప్పగలిగేది: నీకు నేనింకా ఇష్టమేనా. మొదటిదానికి జవాబు ఆమెకి తెలుసు. జాకెట్టు మధ్యాహ్నమే చెప్పేసింది. తెలియనిది రెండోది. భర్తలు చేసే తప్పంతా ఈ రెండింటినీ కలిపేయడంలో ఉంది. రెండోదానికి “అవును, ఇష్టమే” అని చెప్పే తొందరలో మొదటిదానికి “ఛ, అదేం లేదు, ఎప్పటిలాగే ఉన్నావు” అనేస్తారు. దాంతో ఆమె కళ్ళతో చూసినదాన్నే మీరు కాదన్నట్టవుతుంది. “మొదటిదే అబద్ధమైతే రెండోది నిజమని ఏంటి నమ్మకం?” అన్న అనుమానం అక్కడే మొదలవుతుంది. ప్రేమతో చెప్పిన అబద్ధం వల్ల మీరు తర్వాత చెప్పే నిజం కూడా చెల్లకుండా పోతుంది.

ఇంకో మూడు జవాబులు కూడా తరచూ వినిపిస్తాయి. “రేపట్నుంచి వాకింగ్‌కి వెళ్దాం” అంటే, అవును లావే, సరిచేసుకో అని ఆమెకి వినిపిస్తుంది. “మా అక్క ఇంతకంటే లావైంది, చూడలేదా” అంటే ఆమెను తూకంలో పెట్టారు. మూడోది వినడానికి ఎంతో గొప్పగా ఉంటుంది: “నా బిడ్డకి తల్లివి, ఈ మచ్చలు నాకు దేవుడితో సమానం.” దీన్ని మనస్ఫూర్తిగానే అంటారు. కానీ ఆమె అడిగింది తల్లిగా కాదు, భార్యగా, ఆడమనిషిగా. అమ్మవి అని చేతులెత్తి దండం పెడితే, “ఇక నన్ను ఆ దృష్టితో చూడడన్నమాట” అని ఆమె నిశ్శబ్దంగా అర్థం చేసుకుంటుంది.

జవాబును రెండుగా విడదీసి చెప్పండి

మొదటి భాగం చిన్నగా ఉండాలి. ఆమె చెప్పినంతే ఒప్పుకోవాలి, ఒక్క మాట కూడా కలపకూడదు. లావయ్యానా అని అడిగినప్పుడు జుట్టు, కళ్ళకింద నలుపు మీ లిస్టులో చేర్చకండి. మన కథలో భర్త ఇలా అనొచ్చు: “ఒళ్ళు చేసింది, నిజమే. జాకెట్టు పట్టలేదని నువ్వు చెప్పకపోయినా అర్థమైంది.” అంతే. ఇక్కడ కొంచెం ఆగాలి. ఆమె ఏడవచ్చు, అటు తిరిగి పడుకోవచ్చు. భుజంమీద చెయ్యి వేసి ఊరుకోండి. ఆ ఖాళీని నింపే తొందరలోనే అబద్ధాలు పుడతాయి.

రెండో భాగానికి వెళ్ళేముందు ఒక్క ప్రశ్న అడగడం మేలు: “ఎక్కువ దేనికి బాధగా ఉంది? చీర పట్టలేదనా, అక్కడ వాళ్ళేమైనా అంటారనా, నాకెలా కనిపిస్తున్నావనా?” ఆమె జవాబును బట్టి మీ పని మారిపోతుంది. చీర అయితే దర్జీ దగ్గరికి వెళ్ళాలి. వాళ్ళ మాటలైతే మీరు మీవాళ్ళతో మాట్లాడాలి. మూడోదైతే ఇప్పుడే, ఈ గదిలోనే మీరు చెప్పాల్సింది ఉంది.

ఆ చెప్పేది పొగడ్తలా ఉండకూడదు, మీరు నిజంగా చూసిన ఒక సంగతిలా ఉండాలి. “నువ్వు అందంగా ఉన్నావు” అన్నమాట తనమీద తనకే నమ్మకం తగ్గిన మనిషి దగ్గర నిలబడదు. తన గురించి తను అనుకుంటున్నదానికి అది ఎదురుగా ఉంటుంది కాబట్టి ఆమె దాన్ని తోసేస్తుంది. కెనడాలోని వాటర్‌లూ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2007లో ప్రచురించిన ప్రయోగాల్లో ఇలాంటిదే తేలింది. ఆత్మవిశ్వాసం తక్కువున్నవాళ్ళు తమ భాగస్వామి పొగడ్తను మామూలుగా పక్కన పెట్టేస్తారు. ఆ మాటకి తమకూ తమ బంధానికీ ఉన్న అర్థమేమిటో చెప్పమంటే మాత్రం అది వాళ్ళ మనసుకి ఎక్కింది. అంటే పొగడ్తతో పాటు, అది మీ ఇద్దరి మధ్య ఏమిటో కూడా మీరే చెప్పాలి.

మన భర్త మాట ఇలా ఉండొచ్చు: “ఇందాక ఫోన్లో మీ చెల్లితో నవ్వుతుంటే వంటింట్లోంచి తొంగి చూశాను. ఆ నవ్వు వినబడితే ఏ పనిలో ఉన్నా నీ పక్కకొచ్చి కూచోవాలనిపిస్తుంది. పెళ్ళికి ముందూ అంతే, ఇప్పుడూ అంతే.” దీంట్లో పొట్ట లేదు, బరువు లేదు. ఇవాళ జరిగినదొకటి ఉంది, దానివల్ల అతనికి కలిగిన ఇష్టం ఉంది, అది వాళ్ళిద్దరి మధ్య ఎప్పట్నుంచో ఉన్నదన్న మాట ఉంది. ఆమె దీన్ని అద్దంలో చూసుకుని కాదనలేదు. ఇలాంటి సంగతి అప్పటికప్పుడు తట్టదు. రోజులో ఒకసారైనా ఆమెను మీరు గమనించి ఉంటేనే రాత్రి చెప్పడానికి ఉంటుంది. ఏమీ గమనించలేదా? అయితే ఏదో ఒకటి కల్పించకండి. “నీ పక్కన పడుకోవడం నాకు హాయిగా ఉంది” అన్నది నిజమైతే అది చాలు.

అదే ప్రశ్న మళ్ళీ మళ్ళీ వస్తే

ఒక మంచి జవాబుతో ఇది ముగియదు. రెండు రోజుల తర్వాత, ఫోటో చూసినప్పుడు, పక్కింటావిడ వచ్చిపోయినప్పుడు మళ్ళీ అడుగుతుంది. రోజుకి రెండుసార్లు, మూడుసార్లు కూడా. ప్రతిసారీ అదే ఊరడింపు ఇస్తుంటే మొదటిసారి గంట నిలిచిన ధైర్యం తర్వాత పది నిమిషాలకే కరిగిపోతుంది. కంగారు తగ్గడానికి అడగడం అలవాటైపోయి, అడగకపోతే ఇంకా కంగారు పుడుతుంది. మీకేమో విసుగొస్తుంది. ఆ విసుగును ఆమె “నిజం ఇదన్నమాట” అని చదువుకుంటుంది.

అందుకని రెండోసారి నుంచి ప్రశ్నకి కాకుండా దాని వెనకున్న సంగతికి జవాబివ్వండి. “నా జవాబు మొన్న చెప్పిందే, మారలేదు. ఇప్పుడు ఏమైంది చెప్పు, ఏం చూశావు?” అనండి. దాదాపు ప్రతిసారీ ఏదో ఒకటి జరిగి ఉంటుంది: అద్దంలో పక్కకి తిరిగి చూసుకుంది, ఫోన్లో పెళ్ళి ఫోటోలు చూసింది, బరువు తూచుకుంది. ఆ పనిని చెప్పగలిగితే ప్రశ్న బరువు సగం తగ్గుతుంది. గొంతు మాత్రం మెత్తగా ఉండాలి. అదే మాట కరుకుగా అంటే తోసేసినట్టవుతుంది.

ఇంట్లో ఒకటి రెండు మార్పులు కూడా సాయం చేస్తాయి. పట్టని బట్టలను ఆమె సరేనంటే వేరే సంచిలో కట్టి పైన పెట్టండి. రోజూ బీరువా తీయగానే అవే ఎదురైతే రోజూ ఒకసారి ఓడిపోయినట్టుంటుంది. ఇప్పటి ఒంటికి సరిపోయేవి మూడు నాలుగు జతలైనా పైవరసలో ఉండాలి. ఫోటోల సంగతి కూడా చూడండి. బాబు ఫోటోలు వందలుంటాయి, వాటిలో అమ్మ ఉండదు, ఎందుకంటే ఆమె తప్పుకుంటుంది. బలవంతం చేయకుండా, తీసేముందు అడిగి తీయండి. తీసినవాటిలో ఏది ఉంచాలో ఏది తీసేయాలో ఆమే చూసుకోవాలి. కుటుంబం వాట్సాప్ గ్రూపులో మాత్రం ఆమె చూడకుండా ఒక్కటి కూడా పెట్టకండి.

జాకెట్టు, అత్తయ్యలు, కల్యాణమండపం

చీర విషయం తేలికగా తీరేదే. చాలామంది దర్జీలు జాకెట్టు పక్క కుట్లలో కొంత గుడ్డ లోపలికి వదులుతారు, రెండు మూడు వరసల కుట్లు వేస్తారు. ఒక వరస విప్పితే కొంచెం వదులవుతుంది, చంకల దగ్గరా చేతుల దగ్గరా కూడా విప్పించొచ్చు. రెండు వేళ్ళ తేడా దాంతో తీరకపోతే కొత్త జాకెట్టే కుట్టించాలి, హుక్సు ముందువైపు, పాలివ్వడానికి వీలుగా. కొలతలు ఇప్పటివే ఇవ్వాలి. “తగ్గుతావుగా, కొంచెం టైటుగా కుట్టించు” అన్నది ప్రోత్సాహం కాదు, ఆ రోజంతా ఊపిరాడకుండా కూర్చోమనడం. పెళ్ళి పది రోజుల్లో ఉంటే దర్జీకి మూడో రోజుకల్లా ఇచ్చేయండి. ఆఖరి రోజున సరిపోలేదని తెలిస్తే పెళ్ళికి వెళ్ళడం ఇక కుదరదు.

మాటల సంగతి కష్టం. మండపంలో అడుగు పెట్టగానే “బాగా ఒళ్ళొచ్చీసిందే అమ్మాయికి” అని ఎవరో ఒకరు అంటారు. మన దగ్గర అది పలకరింపు కూడా. కొందరికి ఒళ్ళు చేయడమంటే కాపురం బాగున్నట్టే. ఆమెకి మాత్రం పదిమందిలో తూచినట్టుంటుంది. మీ వైపు బంధువులకి జవాబు మీరే చెప్పాలి, ఆమె కాదు. ముందే అనుకుని ఉంచుకోండి: “అవును పిన్నీ, ఆపరేషనై అయిదు నెలలే కదా. బాబుని చూశావా?” గొడవ లేదు, ఆమెను వెనకేసుకొస్తున్నానని చాటడమూ లేదు. మాట బాబు మీదకి మళ్ళుతుంది. ఆ సమయంలో ఆమె పక్కనే నిలబడి ఉండటం ముఖ్యం. అదే మాటకి మీరు కూడా నవ్వితే, రాత్రి చెప్పిందంతా పోయినట్టే. మీ అమ్మగారితో మాత్రం ముందురోజే, ఆమె లేనప్పుడు చెప్పండి: “అమ్మా, రేపు దాని బరువు గురించి ఎవరన్నా ఎత్తితే నువ్వు కొనసాగించకు. బాధపడుతోంది.”

తిండి విషయంలో కూడా ఒక మాట. పాలిచ్చే తల్లికి రోజుకి 500 నుంచి 600 కేలరీలు అదనంగా కావాలి. “రాత్రి అన్నం మానేస్తాను” అంటే ఒప్పుకుని ఊరుకోకండి, మెచ్చుకోకండి కూడా. తగ్గాలనుకుంటే వారానికి అరకిలో లోపు, డాక్టరుని అడిగి. 62 నుంచి 54కి అలా రావడానికి తేలిగ్గా నాలుగైదు నెలలు పడుతుంది. 54 దగ్గరికి వచ్చినా పొట్ట ఆకారం పాతదిలా ఉండకపోవచ్చు. ఈ రెండో వాక్యాన్ని కూడా చెప్పాలి.

చెయ్యి, మచ్చ, పడకగది

చాలామంది భర్తలు ఈ రోజుల్లో దూరంగా పడుకుంటారు. కారణం ఇష్టం తగ్గడం కాదు, కుట్లు నొప్పెడతాయేమోనన్న భయం, బిడ్డ లేస్తాడన్న ఆలోచన. ఆమె దాన్ని వేరేలా చదువుకుంటుంది. కాబట్టి కారణాన్ని నోటితో చెప్పండి: “నిన్ను ముట్టుకోవాలని ఉంది. కుట్టు దగ్గర నొప్పెడుతుందేమోనని ఆగుతున్నాను. నీకెలా ఉంది?” ఈ ఒక్క మాటతో తీరే బాధ చాలా ఉంటుంది.

ఆమె కూడా చెయ్యి తీసేయొచ్చు, అది మీమీద కోపం కాకపోవచ్చు. మచ్చ చుట్టూ మొద్దుబారినచోట ముట్టుకుంటే వింతగా, చిరాగ్గా ఉంటుంది. విశాఖ ఉక్కలో ఆ మడతలో చెమట నిలిచి ఒరుసుకుంటుంది. స్నానం తర్వాత మెత్తని నూలుగుడ్డతో అద్ది పూర్తిగా ఆరనివ్వాలి, వదులుగా నూలుబట్టలు వేసుకోవాలి. ఎర్రబడి వాసనొచ్చినా, నీరు కారినా డాక్టరుకి చూపించాలి. పాలతో బరువైన రొమ్ములు నొప్పెడతాయి, కారుతాయి. అందుకే చెయ్యి ఎక్కడ వేస్తే బాగుంటుందో అడగండి. వీపు, మెడ, పాదాలు చాలామందికి హాయిగా ఉంటాయి. కొన్నాళ్ళపాటు ఆ స్పర్శ మరోదానికి దారి కాకూడదు, ఆ మాట ముందే చెప్పండి. లేకపోతే వీపు నిమిరినా ఆమె “తర్వాత ఏంటో” అని బిగుసుకుంటుంది.

లైటు ఆర్పమంటే ఆర్పండి. “నాకేం పర్లేదు, చూడనీ” అనడం మీకు ప్రేమగా అనిపించినా, ఆమె గీసుకున్న గీతను దాటడమే అవుతుంది. కలయికకి కనీసం ఆరు వారాల పరీక్ష అయ్యేదాకా ఆగాలి, ఆ తర్వాత ఆమె సిద్ధపడ్డప్పుడు. పాలిచ్చినంతకాలం ఈస్ట్రోజన్ తక్కువగా ఉండి లోపల పొడిగా ఉంటుంది. దీన్ని ఆమె ఇష్టం లేకపోవడంగా మీరు, తనలో లోపంగా ఆమె అనుకోకూడదు. నీటితో చేసిన లూబ్రికెంటు మందుల షాపులో దొరుకుతుంది. కొబ్బరినూనె కండోమ్‌తో వాడితే అది చిరిగిపోతుంది. నెలసరి ఇంకా రాకపోయినా గర్భం రావచ్చు, డాక్టరుతో ఆ మాట కూడా మాట్లాడండి.

నిజంగానే మీకు ఆకర్షణ తగ్గిందనిపిస్తే? నిజాయితీ అంటే అది అర్ధరాత్రి ఆమె ముందు పెట్టడం కాదు. ముందు మీలో మీరు విడదీసి చూసుకోండి. నిద్రలేమి, భయం, బిడ్డ వచ్చాక మారిన ఇల్లు, వీటిలో ఏదైనా ఆకర్షణ తగ్గడంలాగే కనిపిస్తుంది. చెప్పాల్సివస్తే నిజమైనంతవరకే చెప్పండి: “ఈ మధ్య నాకూ అలసటగా ఉంది, మనసు కుదురుగా లేదు. నీతో ఉండాలన్న కోరిక మాత్రం పోలేదు.” ఆ చివరి వాక్యం మీకు నిజం కాకపోతే అనకండి. ఆ పరిస్థితిలో కౌన్సెలర్ దగ్గర కూర్చోవాల్సింది ముందు మీరు.

ఊరడింపుతో తీరనిది ఎప్పుడు

కాన్పయిన మొదటి రెండు వారాల్లో ఊరికే కన్నీళ్ళు రావడం మామూలే. అది రెండు వారాలు దాటినా, రోజులో ఎక్కువభాగం దిగులుగానే ఉన్నా, బిడ్డ నిద్రపోతున్నా తనకి నిద్రపట్టకపోయినా, తిండి బాగా తగ్గిపోయినా, గంటలకొద్దీ అద్దం ముందు గడిపినా, అద్దాలన్నీ కప్పేసినా, ఇంట్లోంచి కదలకపోయినా అది శరీరం గురించిన బెంగ మాత్రమే కాకపోవచ్చు. కాన్పు తర్వాత వచ్చే డిప్రెషన్‌ని పసిగట్టడానికి డాక్టర్లు గత 7 రోజుల గురించి 10 ప్రశ్నలున్న ఎడిన్‌బరో పరీక్షను వాడతారు. బరువు, అలసట, జుట్టు రాలడం మూడూ ఎక్కువగా ఉంటే థైరాయిడ్, హిమోగ్లోబిన్ కూడా చూపించాలి. కాన్పు తర్వాత థైరాయిడ్ వాపు వస్తే అది కూడా దిగులులాగే కనిపించొచ్చు.

ప్రభుత్వ వైద్యం కావాలంటే విశాఖలో కేజీహెచ్ ఉంది, చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబరు 14416, రోజంతా ఉచితం, తెలుగులో మాట్లాడతారు. “నేను లేకపోతేనే బాగుండు” అన్నా, బిడ్డకి హాని చేయాలన్న ఆలోచనలు వస్తున్నాయన్నా, ఎవరికీ వినిపించని మాటలు వినిపిస్తున్నాయన్నా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. అప్పటిదాకా ఆమెను ఒంటరిగా వదలకూడదు, బిడ్డతో ఒంటరిగా అసలే వదలకూడదు.

అంత ప్రమాదం లేని సందర్భంలో “నీకు పిచ్చెక్కిందా” అని ఎవరో అంటారేమోనన్న భయమే ఆమెను ఆపుతుంది. కాబట్టి వెళ్దామా అని ఊరికే అడగకుండా దారి ఏర్పాటు చేసి అడగండి: “గురువారం సాయంత్రం డాక్టరుగారి టైము తీసుకున్నాను. బాబు అమ్మ దగ్గర ఉంటాడు, రెండు గంటలసేపటికి సరిపడా పాలు తీసి ఉంచితే చాలు. లోపలికి నేను రావాలా వద్దా నువ్వే చెప్పు.” వద్దంటే బయట కూర్చోండి. బయటికొచ్చాక ఏం చెప్పారని అడగకండి, ఆమె చెప్పేదాకా.